"ఇనుండ్రి" అన్నదెవరు? ఎవరిని?
వ్యవసాయ రేడియో కార్యక్రమానికి ఒక ముందుమాట పద్యం ఎట్లా తయారైంది

ప్రతి వారం ఒకే రోజు, ఒకే సమయానికి, అరగంటపాటు వ్యవసాయం గురించి ఒక కమ్యూనిటీ రేడియోలో కార్యక్రమం వస్తుంది. అది మొదలయ్యేముందు నలభై సెకన్లలోపు ఒక చిన్న పద్యం చదువుతారు. వారం వారం అదే పద్యం, అదే గొంతు, అదే నడక. ఇందులో చెప్పుకోవడానికి ఏముందని ఎవరైనా అడగొచ్చు. పద్యం రాయడానికి కూర్చున్న మొదటిరోజు మేమూ అట్లాగే అనుకున్నాం. ఒక సాయంత్రం పని అనుకున్నది మూడు నెలలు పట్టింది. ఈ మూడు నెలల్లో మేం తెలుసుకున్నది పద్యవిద్య కాదు. వ్యవసాయం అనే మాటలో మన మనుషులను ఎక్కడ నిలబెట్టారో తెలుసుకున్నాం. రేడియో పని చేయాలనుకునే కార్యకర్తలకు, విద్యార్థులకు, టీచర్లకు ఉపయోగపడుతుందని ఆ సంగతులు ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా కొంత నేపథ్యం. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. అయినా ఊరి సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకునే వీలు 2006 నవంబరు విధానంతోగాని రాలేదు. ఆ తర్వాత 2008 అక్టోబరు 15న అప్పటి మెదక్ జిల్లా (ఇప్పటి సంగారెడ్డి జిల్లా) మాచనూరులో దళిత స్త్రీల సంఘాలు నడిపే సంఘం రేడియో 90.4 ఎఫ్‌ఎం మీద మొదలైంది. చదువు లేదనిపించుకున్న స్త్రీలు మైకు పట్టుకుని విత్తనాల గురించి, మెట్ట పంటల గురించి తమ మాటలో తాము చెప్పుకోవచ్చని చూపించింది అదే. మేం రాసిన పద్యం వాళ్లది కాదు, వేరే చిన్న స్టేషనుకు. కాని ఆ దారి అక్కడ పడి ఉండకపోతే మా ప్రయత్నమే లేదు.

"రైతన్నా" అంటే ఎవరు?

మా మొదటి చిత్తుప్రతి "రైతన్నా, అన్నదాతా" అని మొదలైంది. ఎవరికీ తప్పనిపించలేదు. చిన్నప్పటి నుంచి రేడియోలో, పాఠ్యపుస్తకంలో, ఎన్నికల సభలో విన్న పిలుపే గదా. దాన్ని సంఘం మీటింగులో చదివి వినిపించాం. అందరూ బాగుందన్నారు. వెనక కూర్చున్న ఒక పెద్దమ్మ మాత్రం ఏమీ అనలేదు. అడిగితే, "మంచిగనే ఉన్నది బిడ్డా. మా ఆసామిని పిలిచినట్టున్నది. నన్నయితే గాదు" అన్నది.

ఆమె వయసు అరవై దాటింది. పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి నాటు వేసింది, కలుపు తీసింది, పత్తి ఏరింది. ఆ ఊళ్లో ఆమె చెయ్యి పడని మడి లేదు. అయినా ఆమె రైతు కాదు. ఎందుకంటే మన ఊళ్లల్లో రైతు అనేది పని పేరు కాదు, భూమి మీద హక్కు పేరు. దున్నకపోయినా పట్టా ఉంటే రైతు. దున్నినా పట్టా లేకపోతే కూలీ, పాలేరు, జీతగాడు. పైగా "రైతన్న" మగవాడు. కలుపు, నాటు, ఏరుడు, విత్తనం దాచుడు చేసే స్త్రీకి ఆ పిలుపులో చోటే లేదు.

లెక్క చూసినా ఇదే కనిపిస్తుంది. 2001 జనాభా లెక్కల్లో దేశంలో సాగుదారులు 12.73 కోట్లు, వ్యవసాయ కూలీలు 10.68 కోట్లు. 2011కు వచ్చేసరికి సాగుదారులు 11.88 కోట్లకు తగ్గారు, కూలీలు 14.43 కోట్లకు పెరిగారు. అంటే చేనులో పనిచేసేవాళ్లలో రైతు అనిపించుకోనివాళ్లే ఎక్కువ. అందులో దళితుల వాటా ఎంతో మన ఊరి వాడలో ఒక పూట నిలబడితే తెలుస్తుంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధులో ఎకరాకు ఒక పంటకు 4,000 రూపాయలు పట్టాదారుకు అందాయి. అదే ఎకరాన్ని కౌలుకు తీసుకుని దున్నినవానికి రాలేదు. "రైతు" అన్న మాటకు అర్థం ఎవరు చెప్తారో, వాళ్లే డబ్బు ఎవరికి పోవాలో కూడా చెప్తారు. కాబట్టి మా పద్యంలో మొదటి మాట గురించి తర్జనభర్జన పడటం ఉబుసుపోక కాదు.

"అన్నదాత" కూడా తీసేశాం. దాత అంటే తనది తీసి ఇచ్చేవాడు. కైకిలికి పోయిన మనిషి ఇచ్చేది ఆమె చేతి శ్రమ. దానికి కూలి రావాలి, దండం కాదు. దండం పెట్టి కూలి ఎగ్గొట్టడం మనకు కొత్తేమీ కాదు.

మరి ఎట్లా పిలవాలి? "రైతులారా, కౌలుదారులారా, కూలీలారా" అని జాబితా వేసి చూశాం. కరపత్రం లాగా ఉంది. పైగా జాబితాలో మొదట ఎవరు, ఆఖరున ఎవరు అనే కొత్త తగువు వచ్చింది. అప్పుడు సంఘంలోని ఒక చెల్లె, "మనిషి పేరు ఎందుకు, చేసే పని పేరు చెప్తే సరిపాయె గదా" అన్నది. ముడి అక్కడ విడిపోయింది. మనిషికి పెట్టిన పేరును వదిలి, చెయ్యి చేసే పనిని పట్టుకున్నాం.

పద్యం

కొట్టివేతలన్నీ అయ్యాక మిగిలింది ఇది.

అక్కలారా, అన్నలారా, ఇనుండ్రి –
నాగలి వట్టిన చెయ్యి, కలుపు దీసిన చెయ్యి,
నాటు వేసిన చెయ్యి, మూట మోసిన చెయ్యి,
పట్టా ఉన్న చెయ్యి, పట్టా లేని చెయ్యి –
చేనును ముందెరిగింది ఈ చెయ్యే.
గింజ దాచిన అవ్వ నోట,
గింజ అడిగిన బిడ్డ నోట
ఇయ్యాల మన మాట.
మన చేను, మన కైకిలి, మన మాట.

తొమ్మిది పంక్తులు. ఇది గొప్ప కవిత్వమని మేం అనడం లేదు. దీనిలో ఒక్కో మాట ఎందుకు నిలిచిందో చెప్తాం.

"ఇనుండ్రి" దగ్గర ఒక టీచరు మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. "వినండి" అంటే అన్ని జిల్లాలవాళ్లకు తెలుస్తుంది, పిల్లలు కూడా తప్పు నేర్చుకోరు అన్నాడు. మా స్టేషను మాట పది పన్నెండు మైళ్లు దాటి పోదు. కమ్యూనిటీ రేడియోకు మామూలుగా అనుమతించే శక్తే 100 వాట్లు. ఆ పది పన్నెండు మైళ్లలో "ఇనుండ్రి" తెలియనివాళ్లు లేరు. కాని అసలు సంగతి అది కాదు. ఊళ్లో దళితవాడ మనిషిని పిలిచే పిలుపు "ఒరేయ్", "ఏమే". వయసు మళ్లిన మనిషిని కూడా పెద్ద కులాల పిల్లలు "ఏందిరా" అనడం మనం చూస్తూనే ఉన్నాం. రేడియోలో, పదిమందికీ వినిపించేటట్టు, "అక్కలారా, అన్నలారా, ఇనుండ్రి" అని వరస పెట్టి, మన్నించి పిలవడం ఆ ఊరికి కొత్త. ఆ మన్నింపు "వినండి"లోనూ ఉంది గాని, అది ఆఫీసు మన్నింపు. "ఇనుండ్రి" ఇంటి మన్నింపు. "వట్టిన", "దీసిన" అని పలకడం కూడా అందుకే. బడిలో సరిదిద్దే పలుకే ఇక్కడ ముందుకొచ్చి నిలబడింది.

"పొలం" అని రాసి "చేను" అని మార్చాం. మా వైపు పొలం అంటే నీళ్లు పారే వరి మడి. చెరువు కింద పొలాలు ఎవరివో అందరికీ తెలుసు. మన వాళ్లకు ఉన్నదేదన్నా ఉంటే అది చెలక, మెట్ట, సర్కారు ఇచ్చిన రాళ్లగుట్ట అసైన్డు భూమి. "మన పొలం" అని మొదలుపెడితే నీటివసతి ఉన్నవాళ్ల కార్యక్రమం అయ్యేది.

"పట్టా లేని చెయ్యి" మీద ఎక్కువ గొడవ జరిగింది. వినే గుంపులో కొంతమంది చిన్న పట్టాదారులు, మనవాళ్లే, "పంట గురించి చెప్పే దగ్గర పట్టా తగువు ఎందుకు" అన్నారు. కౌలుకు చేసేవాళ్లు మాత్రం ఆ ఒక్క మాట కోసమే కార్యక్రమం వింటామన్నారు. చివరికి రెండూ పక్కపక్కన పెట్టాం. ఉన్నవాణ్ని తిట్టలేదు, లేనివాణ్ని జాలిపడలేదు. చేను ముందు తెలిసింది కాగితానికి కాదు, చేతికి అని మాత్రం అన్నాం.

యాభై రెండు వారాలు నిలవాలి

ఒకే పద్యం వారం వారం చదవాలంటే అది జేష్ఠంలోనూ నిజం కావాలి, ఫాల్గుణంలోనూ నిజం కావాలి. ఈ చిన్న సంగతి మాకు ఆలస్యంగా తట్టింది. రెండో చిత్తులో మృగశిర తొలకరి మీద రెండు చక్కని పంక్తులు ఉన్నాయి. వాటిని రాసినవాళ్లకు వాటి మీద మమకారం కూడా ఉంది. కాని మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీలకు వస్తుంది, ఒక కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. ఏడాదికి ఇరవైయేడు కార్తెలు. అంటే ఆ పంక్తులు రెండు వారాలు నిజం, మిగిలిన యాభై వారాలు అబద్ధం. వాన పడక విత్తనం మాడిపోతున్న వారంలో "తొలకరి పులకరించె" అని చదివితే అది విన్నవాళ్లను ఎక్కిరించినట్టే. ఎండాకాలం సగం వాడ వలసపోయి ఉంటుంది. మిగిలిన ముసలివాళ్లు ఆ మాట వింటే ఏమనుకుంటారు?

అట్లాగే పంట పేర్లు కూడా తీసేశాం. జొన్న అంటే పత్తి చేనులో పనిచేసేవాళ్లకు దూరం, పత్తి అంటే తిండిపంట వేసేవాళ్లకు దూరం. నాగలి, కలుపు, నాటు, మూట – ఇవి ఏదో ఒక చేనులో ఎప్పుడూ జరిగే పనులు. చెయ్యి మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది. గింజ దాచడం కూడా అంతే. కోసిన తర్వాత దాచాలి, వేసేముందు అడగాలి, మధ్యలో పురుగు పట్టకుండా చూడాలి.

కాలం సంగతి పూర్తిగా వదిలేస్తే కార్యక్రమం గాలిలో ఉంటుంది. అందుకని పద్యం అయిపోయిన వెంటనే మారే వాక్యం ఒకటి పెట్టాం. "ఇప్పుడు మఖ కార్తె నడుస్తున్నది, రెండో కలుపు దినాలు" అని. ఆ వాక్యం ఆ వారం ఎవరు కార్యక్రమం చేస్తే వాళ్లు, అప్పుడు చేనులో నిజంగా ఉన్నది చూసి చెప్తారు. మారని పద్యం, దాని పక్కనే మారే వాక్యం. పద్యం మారకపోవడం వల్లనే ఈ వారం కొత్తగా ఏముందో చెవికి తెలుస్తుంది.

చదివే తీరు

పద్యంలో నూటమూడు అక్షరాలు. మా రీడరు సెకనుకు దాదాపు నాలుగు అక్షరాల నడకన చదువుతుంది. మధ్య ఆగుళ్లతో కలిపి ముప్పైనాలుగు, ముప్పైఅయిదు సెకన్లు. ముందు నాలుగు సెకన్లు ఒక చప్పుడు. అన్నీ కలిపి నలభై లోపు. మొదట ఒకటిన్నర నిమిషం పద్యం రాసినప్పుడు విన్నవాళ్లు మధ్యలో మాటలు మొదలుపెట్టారు. నలభై సెకన్లు దాటితే వారం వారం అదే వినడానికి మనిషికి ఓపిక ఉండదని మాకు అనిపించింది.

రెండు, మూడు, నాలుగు పంక్తుల్ని చూడండి. ఎనిమిదీ ఎనిమిది అక్షరాలు, తర్వాత ఏడూ ఏడు, తర్వాత ఆరూ ఆరు. లెక్కపెట్టి రాయలేదు, చదివి చదివి అట్లా అరిగింది. పంక్తి చిన్నదవుతున్నకొద్దీ నడక మెల్లగా అవుతుంది, నాలుగో పంక్తి తనంతట తానే బరువెక్కుతుంది. కాబట్టి గొంతు పెంచాల్సిన పని లేదు. మొదట్లో మా రీడరు "లేని" దగ్గర గొంతు వణికించి చదివేది. అందరూ మెచ్చుకున్నారు. పెద్దమ్మ మాత్రం, "పట్టా లేకపోతే ఏడ్వాల్నా?" అన్నది. అప్పటి నుంచి "ఉన్న", "లేని" రెండూ ఒకే బరువుతో చదవాలన్నది కట్టుబాటు. ఆఖరి పంక్తిలోనూ అంతే. బరువు "మన" మీద వేస్తే అది నినాదం అవుతుంది. "చేను", "కైకిలి", "మాట" మీద వేస్తే ముచ్చట చెప్పినట్టుంటుంది.

మొదటి మాట తరచు పోతుంది. రేడియో పెట్టినవాళ్లు చెవి ఒగ్గేలోపు, గొంతు పెంచుకునేలోపు రెండు సెకన్లు గడిచిపోతాయి. అందుకని ముఖ్యమైన మాట మొదట పెట్టకూడదు. పిలుపు పెట్టాలి. పిలుపు సగం వినబడినా పిలుపే. దానికంటే ముందు చప్పుడు.

ఆ చప్పుడు ఏది కావాలన్నదాని మీద రెండు తప్పులు చేశాం. మొదట చాటతో చెరుగుతున్న చప్పుడు పెట్టాం. గదిలో వింటే ఎంతో బాగుంది. ఊరికి పోయి వింటే, స్టేషను దొరకనప్పుడు ఎఫ్‌ఎంలో వచ్చే గరగర లాగే ఉంది. విన్నవాళ్లు స్టేషను పోయిందనుకుని మీట తిప్పేశారు. తర్వాత డప్పు. ఇక్కడ అభిప్రాయాలు రెండుగా చీలాయి. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం తర్వాత పెరిగిన పిల్లలకు డప్పు అంటే గుర్తింపు, గౌరవం. వాళ్ల తాతలకు డప్పు అంటే పటేలు చెప్పిన మాటను ఊరంతా తిరిగి చాటిన వెట్టి. చాటింపు వేసినన్ని దినాలు ఆ నోట తన మాట ఒక్కటీ లేదు. ఒక పెద్దాయన అన్నాడు: "మళ్ల డప్పుతోని మొదలువెడితే, ఎవరి మాట చాటుతున్నరో అనుకుంటరు." పిల్లలు ఒప్పుకోలేదు. ఇప్పుడు చాటేది మన మాటే గదా అన్నారు. ఇద్దరిదీ నిజమే. ఆ తగువు మేం తీర్చలేదు. పాటల దగ్గర డప్పు ఉంది, ముందుమాటలో లేదు. చిన్న గదిలో దగ్గరగా కొడితే డప్పు దెబ్బకు మైకు పగిలినట్టు వినిపించడం కూడా ఒక కారణం.

చివరికి ఇసుర్రాయి నిలిచింది. రాయి తిరిగే బొంగురు చప్పుడు సెల్‌ఫోను చిన్న స్పీకరులో వినబడదు. దాన్ని నమ్ముకుంటే ఏమీ లేనట్టే. మైకు రాళ్ల మధ్యకు దగ్గర పెట్టి, జొన్నగింజ చిట్లే చప్పుడు పట్టాం. అది ఎంత నాసి ఫోనులోనైనా తెలుస్తుంది.

గొంతు రికార్డు చేయడానికి ఖరీదైన గది లేదు. తలుపుకు, కిటికీకి గొంగళ్లు కట్టాం, ఫ్యాను ఆపాం. మైకుకు జానెడు దూరంలో, సూటిగా కాకుండా కొంచెం పక్కకు తిరిగి చదివితే "పట్టా" దగ్గర గాలి ఊదినట్టు వచ్చే దెబ్బ పోయింది. అన్నీ ఒకే పూట, ఒకే కూర్చోడంలో పలుమార్లు చదివించి, బాగున్నది ఒక్కటి దాచి, దానికి రెండు నకళ్లు తీసి వేరువేరు చోట్ల పెట్టాం. సరిగా వచ్చిందో లేదో స్టూడియో హెడ్‌ఫోనులో చూడలేదు. చవక ఫోనులో, ట్రాక్టరు పక్కన, వంట పొయ్యి దగ్గర వినిపించి చూశాం. "నాటు" అన్నారా "నోటు" అన్నారా అని అడిగినచోట మళ్లీ చదివించాం.

ఒక వారం ఒక పంక్తి పోయింది

ఎందుకు ప్రతి వారం ఒకే తీరుగా చదవాలి? దీనికి మాకు జవాబు సిద్ధాంతంగా తెలియలేదు, ఒక పొరపాటుతో తెలిసింది.

ఒక వారం రికార్డు పెట్టిన కంప్యూటరు మొరాయించింది. రీడరు ఊళ్లో లేదు. కార్యక్రమం చేసే తమ్ముడు చేతిలోని కాగితం చూసి పద్యం చదివేశాడు. తొందరలో నాలుగో పంక్తి దాటిపోయింది. "మూట మోసిన చెయ్యి" నుంచి నేరుగా "చేనును ముందెరిగింది" లోకి వచ్చాడు. స్టేషనులో ఎవరూ గమనించలేదు. పద్యం అర్థం చెడలేదు కూడా.

మర్నాడు ఉదయం పత్తి చేనులో కూలికి పోయిన ఆడవాళ్లు మా సంఘం మనిషిని నిలదీశారు. "పట్టా లేని చెయ్యి అన్న మాట ఎందుకు తీసేసిన్రు? ఎవరు తియ్యమన్నరు?" ఆమె పొరపాటని చెప్పింది. నమ్మలేదు. ఆ పది దినాల కిందనే ఊళ్లో కౌలు కాగితాల మీద గొడవ జరిగి ఉంది. పెద్దమనుషులు స్టేషనుకు వచ్చి పోయారని పుకారు. మాట తీసేశారంటే లొంగిపోయారన్న మాటే అని వాళ్లు అనుకున్నారు. తర్వాతి వారం పద్యం పూర్తిగా చదివి, పోయిన వారం ఏం జరిగిందో చెప్పి, తప్పు ఒప్పుకున్నాకగాని వాళ్లు తేలికపడలేదు.

ఈ సంఘటన తర్వాత మాకు అర్థమైంది. చదువు రానివాళ్లకు కాగితం మీద రాసిన ఒప్పందం ఎప్పుడూ పనికిరాలేదు, చాలాసార్లు వాళ్ల మీదికే వచ్చింది. చెవితో పట్టి, నోటితో నిలుపుకున్నదే వాళ్ల దస్తావేజు. వారం వారం అదే పద్యం, అదే తీరున వింటే, అది వాళ్ల దగ్గర ఉండిపోతుంది. ఒక మాట జారితే స్టేషనుకు తెలియకముందే వాళ్లకు తెలుస్తుంది. పద్యానికి కాపలా రాసినవాళ్లు కాదు, వినేవాళ్లు. మారుతూ పోయే ముందుమాట ఎంత అందంగా ఉన్నా ఈ కాపలా సాధ్యం కాదు. ఏ మాట ఉండాలో ఎవరికీ తెలియనప్పుడు, ఏ మాట పోయిందో కూడా తెలియదు.

అప్పటి నుంచి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. పద్యం పెద్దక్షరాలతో, ఆగాల్సిన చోట గీతలు పెట్టి, అట్టమీద రాసి మైకు పక్కన వేలాడదీశాం. రికార్డు పలకకపోతే ఆ అట్ట చూసి మెల్లగా చదవాలి, సమయం లేకపోతే కార్యక్రమంలో ఇంకేదన్నా తగ్గించాలి గాని పద్యం తగ్గించకూడదు. ఒక్క మాట మార్చాలన్నా సంఘం మీటింగులో అనుకుని, ముందు వారం రేడియోలో చెప్పి, ఫలానా వారం నుంచి మారుతుందని తెలిపాకే మార్చాలి. ఎవరికి వాళ్లు దిద్దకూడదు, రాసినవాళ్లమైనా సరే.

పద్యం చేయలేనిది

పద్యం మీద ఎక్కువ బరువు పెట్టొద్దు. "కలుపు దీసిన చెయ్యి" అని మొదలుపెట్టి, తర్వాత అరగంటా బోరు మోటార్ల గురించి, కలుపుమందు డబ్బాల గురించి మాట్లాడితే పద్యం అబద్ధమైపోతుంది. కలుపుమందు వస్తే మొదట పోయేది కలుపు తీసే ఆడవాళ్ల కూలి. ఆ సంగతి మాట్లాడని వ్యవసాయ కార్యక్రమం ఎవరి వ్యవసాయం గురించి చెప్తున్నట్టు?

అందుకని నెలకొకసారి నాలుగు వారాల రికార్డులు ముందేసుకుని కూర్చుంటాం. ఒక గడియారం, మూడు గడుల కాగితం. పట్టా ఉన్నవాళ్ల గొంతు ఎన్ని నిమిషాలు, కౌలువాళ్లది ఎన్ని నిమిషాలు, కైకిలి చేసేవాళ్లది ఎన్ని నిమిషాలు అని రాసుకుంటాం. ఆడ గొంతు వస్తే పక్కన చుక్క పెడతాం. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు మాకు తలవంపు అయింది. మూడో గడి దాదాపు ఖాళీగా ఉంది. మేం పిలిచిన వక్తల్లో వ్యవసాయాధికారి, ఆదర్శ రైతు, ఎరువుల దుకాణం మనిషి ఉన్నారు. కలుపు తీసే అక్క లేదు. ఆమెను స్టేషనుకు రమ్మంటే ఒకరోజు కూలి పోతుంది. అప్పటినుంచి ఆమె ఉన్న చోటికే, పొద్దున గుంపులు కట్టి ఆటో కోసం నిలబడే చౌరస్తాకు రికార్డరు పట్టుకుని పోతున్నాం.

ఆ గడి ఇంకా నిండలేదు. పోయిన నెల లెక్క చూసేటప్పుడు పెద్దమ్మ కూడా వచ్చి కూర్చున్నది. కాగితం చదవడం ఆమెకు రాదు, చుక్కలు లెక్కపెట్టింది. "పద్యంల మేం ముందున్నం, ముచ్చట్ల వెనుకున్నం" అన్నది. వచ్చే నెల మళ్లీ వస్తానని చెప్పి పోయింది.